మూడేళ్ళ పోస్టు, మూడేళ్ళ అనుభవం

మా సెక్షన్లో టైపు కొట్టిన ప్రతి కాగితాన్నీ పైకి చదవాలి. దానికి కంపేరింగ్ అని పేరు. చేత్తో రాసిన డ్రాఫ్టు ఒకరు పట్టుకుంటారు. టైపు చేసిన కాగితం ఇంకొకరు పట్టుకుని కామాలతో, ఫుల్‌స్టాపులతో సహా చదువుతారు. రెండూ కలిస్తే డ్రాఫ్టు పట్టుకున్నాయన మూల మీద పొట్టి సంతకం పెడతాడు. ఆ సంతకం పడ్డాక ఆ కాగితాన్ని దేవుడు దిగివచ్చినా మార్చలేడు. మార్చాలంటే ఆయన కూడా ఒక నోటు పెట్టుకోవాలి, అది నాలుగు బల్లలు దాటాలి.

అరవైల నడుమ నేను ఆ యూనివర్సిటీ ఆఫీసులో టెంపరరీ టైపిస్టుని. మాది సేద్యం చేసుకునే ఇల్లు. కుర్చీలో కూర్చుని చేసే పని సంపాదించినవాణ్ణి మా వంశంలో నేనే మొదటివాణ్ణి. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, దాని కింద మడిచిన పాత ప్రశ్నపత్రం పెట్టేవాణ్ణి. అయినా ఊరికి వెళ్ళినప్పుడు మా నాయన ఆ కుర్చీ గురించి సింహాసనం గురించి అడిగినట్టు అడిగేవాడు. టెంపరరీ అనే మాట ఆయనకు చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకునేవాణ్ణి కాదు.

డ్రాఫ్టులు రాసేది మా సూపరింటెండెంటు. అందరం ఆయన్ని ఎదుట సార్ అని, చాటున సాబ్ అని అనేవాళ్ళం. ఉర్దూ మీడియంలో చదువుకున్న తెలంగాణ మనిషి. పోలీసు చర్య తరువాత ఆఫీసులో ఇంగ్లీషు వచ్చిపడితే, నడివయసులో కూర్చుని పాత ఫైళ్ళు చదివి ఆ భాష నేర్చుకున్నాడు. అందుకు ఆయన్ని మెచ్చుకోవలసిందే. కానీ ఆయన ఇంగ్లీషు ఉర్దూలో పుట్టి, తెలుగులో పెరిగి, చివర్న ఇంగ్లీషు అక్షరాలు తొడుక్కుని బయటికి వచ్చేది. ఆయనకు తీన్ సాల్ కా తజుర్బా అంటే ‘ఎ త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’. యూనివర్సిటీ ప్రకటన ఏది చూసినా ఆ ముక్క ఉండేది. రెండేళ్ళయితే ‘ఎ టూ ఇయర్స్’, ఐదేళ్ళయితే ‘ఎ ఫైవ్ ఇయర్స్’. పెద్ద పెద్ద డాక్టరేట్ల చేతుల మీదుగా అవి పేపరుకు వెళ్ళేవి, ఒక్కరి కంట్లోనూ నలక పడినట్టు కూడా కనిపించేది కాదు.

నా కంట్లో పడటానికి కారణం తార్నాకలో ఒక వరండా.

నేను అడిక్‌మెట్‌లో ఒక గదిలో ఉండేవాణ్ణి. ఆఫీసు అయ్యాక క్యాంపస్‌కు అడ్డంపడి తార్నాక నడిచేవాణ్ణి. అక్కడ ఒక మిషన్ స్కూలు టీచరమ్మ తన వాటా వరండాలో సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పేది. వచ్చేవాళ్ళు మా ఆఫీసు గుమాస్తాలు, రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాళ్ళు, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు. ఆమెది కోస్తా. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. నలభై దగ్గర పడ్డ మనిషి, తెల్లచీర, కళ్ళజోడు, చెవి మీద ఎర్ర పెన్సిలు. ఆ పెన్సిలుకు వడ్రంగి పెన్సిలుకు ఉన్నంత పని ఉండేది.

ఆమె పద్ధతి ఒకటుంది. తప్పు కింద ఎర్రగా గీత గీస్తుంది. అంతే. ఒప్పు ఏమిటో రాయదు, చెప్పదు. పుస్తకం మన ముందు పెట్టి చేతులు కట్టుకుని కూర్చుంటుంది. మనమే చూసి, ఆలోచించి, దిద్ది తిరిగి ఇవ్వాలి. ఒకరోజు పట్టినా సరే, వారం పట్టినా సరే.

“గీత గీయడం వరకే నా పని బాబూ. దిద్దుకోవాల్సింది చేసినవాడే. నేను దిద్దితే అది నా ఒప్పు అవుతుంది, నీది కాదు” అనేది.

తప్పు లేని పేజీ మీద ఏమీ పెట్టదు. టిక్కు లేదు, గుడ్ లేదు. ఖాళీగా తిరిగి వచ్చిన పేజీయే బహుమానం. ఆరు నెలల్లో నాకు అలాంటి పేజీ ఒక్కటి కూడా రాలేదు. ఆ ఖాళీ పేజీ కోసం నేను ఎంత తపించిపోయానో ఇప్పుడు చెబితే నవ్వుతారు. ప్రేమలేఖ కోసం కూడా అంత ఎదురుచూడలేదు.

ఒక సాయంత్రం సెలవు చీటీ రాయమంది. నేను ‘ఎ త్రీ డేస్ లీవ్’ అని రాశాను. గీత పడింది. తల గోక్కున్నాను. పక్కన వర్క్‌షాపు ఫిట్టరు ‘టెన్ రూపీస్ నోట్’ అని రాశాడు. ఆయనకూ గీత. ఇద్దరం ఒకరి గీత ఒకరు చూసుకుని, రెండూ ఒకే జబ్బని గ్రహించాం. చివరికి జాలిపడి ఆమె నల్లబల్ల దగ్గరికి వెళ్ళింది.

“మన భాషలో పది రూపాయల నోటు అంటాం, మూడు రోజుల సెలవు అంటాం. బహువచనం వదలం. ఇంగ్లీషులో అలా కాదు. అంకె, దాని పక్క మాట కలిసి వెనకున్న నామవాచకాన్ని వర్ణిస్తే, అవి రెండూ కలిసి ఒకే విశేషణం. వాళ్ళ విశేషణానికి ఎస్ తగిలించరు. మధ్యలో అడ్డగీత పెట్టి ముడేస్తారు. టెన్-రూపీ నోట్. సిక్స్-ఫుట్ వాల్. అదే గోడ ఆరడుగుల ఎత్తుంది అని వాక్యం చివర చెబితే ముడి అక్కర్లేదు, బహువచనం దాని మానాన అది వస్తుంది. ద వాల్ ఈజ్ సిక్స్ ఫీట్ హై.”

“మరి సెలవు సంగతేంది టీచరమ్మా?” అన్నాను.

“దానికి రెండు దారులున్నాయి. ఎ త్రీ-డే లీవ్ అనొచ్చు. లేదా ముందున్న ఎ తీసేసి, త్రీ డేస్ అని ఎస్ తరవాత పైన అపాస్ట్రఫీ కొమ్ము పెట్టి లీవ్ అనొచ్చు. మూడు రోజుల యొక్క సెలవు అన్నమాట. రెండూ ఒప్పే.”

ఫిట్టరు ఆవలించాడు. నాకు మాత్రం ఆ సాయంత్రం ఏదో వరం దొరికినట్టయింది. రెండు దారులు, రెండూ ఒప్పే. ఈ ఒక్క ముక్క పట్టుకుని ఇంటికి నడిచాను. ఆమె సెలవు గురించి చెప్పింది, నేను సృష్టి మొత్తానికి అన్వయించుకున్నాను.

మరునాటి నుంచి నాకు లోకంలో ఎక్కడ చూసినా లేని అడ్డగీతలే కనపడ్డాయి. తార్నాక చౌరస్తాలో టైపు ఇన్‌స్టిట్యూటు బోర్డు మీద ‘సిక్స్ మంత్స్ కోర్స్’. ఫోటో స్టూడియో మీద ‘ఫైవ్ మినిట్స్ ఫోటో’. క్యాంపస్‌లో ఒక పరిశోధకుడు తన ‘ఫోర్ హండ్రెడ్ పేజెస్ థీసిస్’ గురించి గర్వంగా చెబుతుంటే మధ్యలో ఆపి దిద్దాను. నాలుగు వందల పేజీలు రాసినవాణ్ణి నాలుగు అక్షరాల దగ్గర ఆపగలిగానన్న ఆనందంలో ఆ పూట చాయ్ కూడా మరిచిపోయాను. అతను మళ్ళీ నాతో మాట్లాడలేదు.

ఒకసారి సాబ్ డ్రాఫ్టులో కూడా వేలు పెట్టాను. ఆయన కంపేరింగులో ఆపి, కళ్ళజోడు మీదినుంచి చూశాడు.

“ఏంది పిల్లగా, నా ఎస్ యేడ పోయింది?”

“సార్, గది ఉండొద్దు సార్. అడ్డగీత పెట్టాలె.”

“పదిహేనేండ్ల సంది రాస్తున్న. ఎందరో వైస్ ఛాన్సలర్లు సంతకాలు పెట్టి పోయిండ్రు. ఒక్కడన్న ఎస్ ఎందుకని అడిగిండా? నువ్వు టైపు కొట్టనీకి వచ్చినవా, నాకు సబక్ చెప్పనీకి వచ్చినవా?”

కాగితం చింపి మళ్ళీ కొట్టమన్నాడు. ఎస్‌తో సహా కొట్టాను. టెంపరరీవాడికి వ్యాకరణం పట్టింపు పనికిరాదు.

కొన్నాళ్ళకు యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు ట్యూటరు పోస్టు మంజూరైంది. తెలుగు మీడియం నుంచి వచ్చే పిల్లలకు ఇంగ్లీషు చెప్పాలి. పర్మనెంటు పోస్టు. మంజూరు కాగితం నేనే చూశాను. కావలసింది ఎమ్.ఏ., మూడేళ్ళు పాఠం చెప్పిన అనుభవం. చదవగానే నాకు టీచరమ్మే కళ్ళముందు నిలబడింది. ఆమె ప్రైవేటుగా ఎమ్.ఏ. కట్టి పాసైంది, స్కూల్లో పన్నెండేళ్ళ నుంచి చెబుతోంది. ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పాను. ఆమె పెన్సిలు చెవి మీదినుంచి తీసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకుంది. అంత సంతోషాన్ని ఆమె మొహం మీద అంతకుముందు చూడలేదు.

“పేపర్లో పడగానే చెప్పు బాబూ” అంది.

డ్రాఫ్టు వచ్చింది. ‘ట్యూటర్ ఇన్ ఇంగ్లీష్ పోస్టుకు దరఖాస్తులు కోరబడుచున్నవి, ఎ త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ టీచింగ్.’ టైపు మిషను ముందు కూర్చుని ఆ వాక్యం చూస్తే నా పరువు పోయినట్టు అనిపించింది. ఇంగ్లీషు చెప్పే పోస్టుకు ప్రకటన, అందులో ఈ తప్పు, దాన్ని చదవబోయేది ఆమె. టైపు కొట్టింది నేనని ఆమెకు తెలుసు. ఎర్ర గీత నా నెత్తి మీద పడినట్టే.

దిద్దాలి. రెండు దారులున్నాయి, రెండూ ఒప్పే. కొమ్ముల దారి నాకు నచ్చదు. ఆ కొమ్ము ఎస్‌కు ముందో వెనకో ఎప్పుడూ తికమకే. అడ్డగీత దారి నా సొంతం. అడ్డగీత పెట్టాలంటే వెనక ఒక నామవాచకం కావాలి. ఎక్స్‌పీరియన్స్ ఎందుకో పొడుగ్గా, వికారంగా అనిపించింది. పోస్టు ఉంది కదా, పొట్టిగా, ముద్దుగా. ‘ద త్రీ-ఇయర్ పోస్ట్ ఆఫ్ ట్యూటర్ ఇన్ ఇంగ్లీష్. టీచింగ్ ఎక్స్‌పీరియన్స్ ఎసెన్షియల్’ అని కొట్టాను. మూడేళ్ళూ ఉన్నాయి, అనుభవమూ ఉంది, ఎస్ పోయింది, గీత వచ్చింది. ఇంతకంటే ఏం కావాలి? కాగితం దూరంగా పట్టుకుని, పెళ్ళికూతుర్ని చూసినట్టు చూసుకున్నాను.

ఇక కంపేరింగు. సాబ్ చేతిలో డ్రాఫ్టు, నా చేతిలో నా ముద్దుల కాగితం. దిద్దానని తెలిస్తే చింపిస్తాడు. అందుకని కాగితం మీద ఉన్నది చదవలేదు. డ్రాఫ్టులోది బట్టీపట్టి ఉంది కదా, అదే చదివాను. ‘ఎ త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’ అని ఎస్ దగ్గర కాస్త వత్తి మరీ చదివాను. సాబ్ తృప్తిగా తల ఊపి పొట్టి సంతకం పెట్టాడు. మా సెక్షన్ పుట్టిన నాటి నుంచి ఒకటి టైపు చేసి ఇంకొకటి చదివినవాడు నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ప్రకటన పడ్డ సాయంత్రం తార్నాకకు దాదాపు పరుగెత్తాను. టీచరమ్మ పేపరు ముక్క కత్తిరించి పెట్టుకుంది. చదివింది. పెన్సిలు తీసింది. ‘త్రీ-ఇయర్ పోస్ట్’ కింద, నిదానంగా, ఒక ఎర్ర గీత గీసి ముక్క నాకు ఇచ్చింది.

“గిది తప్పు కాదు గదా టీచరమ్మా! ఎస్ లేదు, అడ్డగీత ఉన్నది.”

“తప్పని నేనన్నానా? ఇంగ్లీషుకేం, భేషుగ్గా ఉంది. మూడేళ్ళ అనుభవం అంటే ఇప్పటికే గడిచిన మూడేళ్ళు. మూడేళ్ళ పోస్టు అంటే ఇకముందు గడిచే మూడేళ్ళు. అవి అయిపోతే పోస్టూ అయిపోతుంది. మరి ఇది మూడేళ్ళ పోస్టేనా బాబూ?”

అప్పుడు అర్థమైంది. ఆ క్షణాన నిజం చెప్పి ఉంటే ఇంత కథే లేదు. కానీ నిజం చెప్పాలంటే ఒకటి టైపు చేసి ఒకటి చదివానని చెప్పాలి. ఆ మాట ఆఫీసుకు పోతే నా కుంటి కుర్చీ పోతుంది. మా నాయన మొహం గుర్తుకొచ్చింది.

“లేదు టీచరమ్మా, పర్మనెంటే. మంజూరు కాగితం నేను చూసిన. ఆఫీసోళ్ళు రాసుడు గట్లనే ఉంటది” అన్నాను.

ఆమె ఒక క్షణం నన్ను చూసింది. “అయితే సరే” అంది.

నాకు నేను చెప్పుకున్న సమాధానం ఏమిటంటే, ఉద్యోగపు ఆర్డరు వచ్చేటప్పుడు అదే సర్దుకుంటుందని. ఆఫీసుల్లో ఏదీ దానంతటది సర్దుకోదని అప్పటికే కొద్దో గొప్పో అనుభవం ఉన్నా, ఆ అనుభవం ఆ పూట పనిచేయలేదు.

ఇంటర్వ్యూలో ఆమెకు ఎదురు లేకపోయింది. ఆర్డరు డ్రాఫ్టు సాబ్ రాశాడు. మా ఆఫీసు నియమం ప్రకారం ఆర్డరులో ప్రకటన మాటలే ఉండాలి, ఒక్కటి మారకూడదు. అందుకని పేపరు ముక్క ముందు పెట్టుకుని, చూసి రాశాడు, అడ్డగీతతో సహా. అచ్చులో పడ్డదంటే పైవాళ్ళు చూసే ఉంటారని ఆయన నమ్మకం. కంపేరింగులో ఈసారి నేను కాగితం మీద ఉన్నదే చదివాను. ‘త్రీ-ఇయర్ పోస్ట్’ దగ్గరికి రాగానే, రాసేటప్పుడు తట్టనిది చెవిన పడి, సాబ్ చెయ్యి ఎత్తాడు.

“ఆగు. త్రీ-ఇయర్ పోస్టేంది? నా త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్ యేడ పోయింది?”

సాబ్ పాత ఫైలు తీసి, నేను టైపు చేసిన కాగితం చూశాడు, తన పొట్టి సంతకం చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“గా దినం నువ్వు నాకు గిది చదవలే.”

“చదవలే సార్.”

నిజంగా అరుస్తాడనుకున్నాను. అరవలేదు. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

“గిప్పుడు దిద్దాలంటే మల్ల పేపర్ల వెయ్యాలె. ఎందుకని అడుగుతరు. టైపు ఎవడు చేసిండు, కంపేర్ ఎవడు చేసిండు అని అడుగుతరు. నాకు మెమో వస్తది. నీకు మెమో కూడా రాదు, సీదా ఇంటికే పంపుతరు. నాకు ఇంక మూడేండ్ల సర్వీసే ఉన్నది. మచ్చ లేకుండ పోవాలె.”

“టీచరమ్మ సంగతి సార్?”

“మూడేండ్లు గదా పిల్లగా! మూడేండ్లంటే తక్కువనా? గప్పటికి ఎవడుంటడో ఎవడు పోతడో. రెన్యూవల్ అని ఒకటుంటది, చూసుకుందం.”

సంతకం పెట్టాడు. నేను కాగితం అందుకున్నాను. ఇద్దరం ఎంత బాధ్యతగా, ఎంత శ్రద్ధగా ఆ పని ముగించామో చూసినవాళ్ళు ముచ్చటపడేవాళ్ళు.

ఆర్డరు అందిన రోజు టీచరమ్మ నన్ను పిలిచింది. మిషన్ స్కూలుకు రాజీనామా ఇవ్వాలి. ఇస్తే ఆ చోటుకు ఇంకొకరు వస్తారు, మళ్ళీ తిరిగి వెళ్ళే దారి ఉండదు. ఆర్డరు నా ముందు పెట్టింది. అందులో కూడా ఆ రెండు మాటల కింద ఎర్ర గీత ఉంది. సర్కారు కాగితం మీద గీత గీసిన మనిషిని నేను అప్పుడే చూశాను.

ఆమె ఏమీ అడగలేదు. చేతులు కట్టుకుని కూర్చుంది.

“మీరు రాజీనామా ఇయ్యుండ్రి టీచరమ్మా. నేను లేనా” అన్నాను.

నేను ఉన్నాను, నిజమే. అదే ఆమెకు వచ్చిన చిక్కు.

ఆమె యూనివర్సిటీలో చేరింది. ఆ మూడేళ్ళలో ఎంతమంది పల్లెటూరి పిల్లల నాలుకలు సాపు చేసిందో లెక్కలేదు. కారిడార్లో ఎదురైతే పలకరించేది, ఆరోగ్యం అడిగేది. వరండా క్లాసు మానలేదు, నేను మాత్రం మానేశాను. పనెక్కువగా ఉందని చెప్పాను. ఆమె ఒక్కసారి కూడా ఆ గీతల మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని నేను రోజూ అనుకునేవాణ్ణి.

మూడో ఏడు వచ్చింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచిన అరవైతొమ్మిది, మా వాళ్ళకు చెప్పనక్కర్లేదు. క్యాంపస్ ఊరేగింపులతో ఊగిపోయింది, తరువాత నెలల తరబడి మూతపడింది. మా ఉద్యోగాలు కోస్తావాళ్ళకు కాదు, మాకు కావాలన్న మాట న్యాయమైనదే. నేనూ ఆ గుంపులో నడిచాను, గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. కానీ అరుస్తూనే ఒక విషయం గుర్తుకొచ్చేది. ఏ ఏడాదిలో అయితే కోస్తా మనిషి పోస్టు ముగిసిపోకూడదో, సరిగ్గా ఆ ఏడాదికి ముగిసేలా దానికి గడువు కట్టింది నేను. ఆ పోస్టు పర్మనెంటుగా ఉండి ఉంటే ఆమె జోలికి ఎవరు వచ్చినా ఒక పద్ధతి ఉండేది, ఒక వాదన ఉండేది. అడ్డగీతకు వాదన అక్కర్లేదు.

సాబ్ దగ్గర రెన్యూవల్ మాట ఎత్తాను. ఆయన ఆ నెలాఖరుకే రిటైరవుతున్నాడు.

“ఈ సాల్ల ఆమె పేరు మీద నోటు ఎవడు పెడతడు పిల్లగా? నేను పెట్ట. నువ్వు పెడ్తవా?”

నేనూ పెట్టలేదు.

ఆ వారంలోనే నా మిషను మీదికి రెండు డ్రాఫ్టులు వచ్చాయి. ఒకటి టీచరమ్మను విధుల నుంచి తప్పించే ఆర్డరు. త్రీ-ఇయర్ పోస్టు గడువు ముగిసినందున, అని. రెండోది నన్ను పర్మనెంటు చేస్తూ ఆర్డరు. నాకు ఆఫీసు పనిలో ‘ఎ త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’ పూర్తయినందున, అని. సాబ్ చివరి డ్రాఫ్టు అదే. ఎస్ తీయలేదు, గీత పెట్టలేదు, ఉన్నది ఉన్నట్టు కొట్టాను. ఒకే మూడేళ్ళు. ఆమెకు గడువైంది, నాకు అనుభవమైంది. తప్పుడు ఇంగ్లీషులో ఉన్నవాడికి ఉద్యోగం నిలిచింది, ఒప్పు ఇంగ్లీషులో ఉన్నామెకు పోయింది.

మూడేళ్ళ తరువాత మొదటిసారి తార్నాక వెళ్ళాను. వరండాలో నల్లబల్ల గోడకు తిప్పి ఆనించి ఉంది. లోపల ట్రంకుపెట్టెలు సర్దుతోంది. గుంటూరు వైపు ఒక స్కూల్లో చేరబోతోంది, అక్కడ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి. కూర్చోమని అనకముందే చెప్పేశాను, నిలబడే, గబగబా.

“గా దినం నేను టైపు చేసింది ఒకటి, సాబ్‌కు చదివింది ఒకటి టీచరమ్మా. పోస్టు పర్మనెంటే. నేనే ఖరాబు చేసిన.”

ఆమె చీర మడత పెట్టడం ఆపలేదు.

“తెలుసు బాబూ. మీ ఆఫీసు మొత్తం మీద ఆ అడ్డగీత పెట్టగలిగినవాడు నువ్వొక్కడివే. నేర్పిందాన్ని, నాకు తెలీదా?”

“మరి ఆఫీసుకు ఎందుకు చెప్పలే? నన్ను ఎందుకు అడగలే?”

“అడిగానుగా. రెండుసార్లు గీత గీసిచ్చాను. దిద్దుకొస్తావని చూశాను.” చీర పెట్టెలో పెట్టి, నావైపు తిరిగింది. “పైకి వెళ్ళి చెబితే నిన్ను తీసేసేవారు. ఇవ్వాళ కాకపోతే రేపు నువ్వే దిద్దుతావనుకున్నాను. మూడేళ్ళంటే చాలా టైమే కదా అనుకున్నాను.”

కోపంతో అని ఉంటే తట్టుకునేవాణ్ణి. క్లాసులో నా నోట్‌బుక్కు గురించి మాట్లాడినట్టే అంది. నేను అక్కడే ట్రంకు మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గులేకుండా, చిన్నపిల్లాడిలా. ఆమె మంచినీళ్ళు తెచ్చిచ్చి, తనకు ఒక కాగితం కావాలని చెప్పింది. కొత్త స్కూలుకు చూపించడానికి అనుభవ పత్రం.

మరునాడు ఆఫీసులో డ్రాఫ్టు నేనే రాశాను, టైపు నేనే కొట్టాను. పదిహేనుసార్లు చూసుకున్నాను. ‘త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’ ముందు ఎ లేదు, ఎస్ తరవాత కొమ్ము ఉంది. అనుభవం కాబట్టి అడ్డగీత లేదు. సంతకం పెట్టే ప్రొఫెసరు దగ్గరికి తీసుకెళ్ళకుండా ముందు తార్నాక తీసుకెళ్ళాను. డ్రాఫ్టు ఆమె చేతికిచ్చాను.

“కంపేర్ చేయాలె టీచరమ్మా” అన్నాను.

ఆమె డ్రాఫ్టు పట్టుకుని పెన్సిలు తీసింది. నేను టైపు కాగితం పట్టుకుని గట్టిగా చదివాను, కామాలతో, ఫుల్‌స్టాపులతో. పూర్తయ్యాక కాగితం అడిగి తీసుకుని, పెన్సిలు మొనతో వరస వెంబడి నడుపుకుంటూ చూసింది. ఎక్కడా ఆగలేదు. గీత గీయకుండా నాకు తిరిగి ఇచ్చేసింది. అన్నాళ్ళూ నేను కోరుకున్న ఖాళీ పేజీ అదే. దాన్ని తీసుకుని ప్రొఫెసరు సంతకం కోసం క్యాంపస్ వైపు నడిచాను.